నల్లగొండలో ఒక పిల్లల గది: డిసెంబర్ ఎండను కొలిచి చేసిన రెండర్ కేస్ స్టడీ

నల్లగొండలో ఇళ్లకు ఇంటీరియర్ త్రీడీ రెండర్లు, అంటే గది తయారయ్యాక ఎలా ఉంటుందో ముందే కంప్యూటర్‌లో ఫొటోలా చూపించే బొమ్మలు, చేయడం నా పని. ఈ కేసు దేవరకొండ రోడ్డు వైపు కట్టిన ఒక ఇంట్లో పిల్లల గదిది. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు, పాప వయసు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. వాళ్లడిగింది సూటిగానే ఉంది: బంక్ బెడ్, కింద మెత్తటి రగ్గు, హుషారైన రంగులు, ఎక్కడా పదునైన మూల లేని ఫర్నిచర్, గది నిండా పగటి వెలుగు. మొదటి రెండర్ మూడు రోజుల్లో ఇచ్చేశాను, చూడ్డానికి చాలా బాగుంది కూడా, కానీ దాంట్లో చాలా విషయాలు ఆ గదిలో జరిగేవి కావు. రెండోది అక్కడి కొలతలతో మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈ రాతంతా ఆ రెండింటి మధ్య ఏం మారింది, ఎందుకు మారింది అన్నదే.

ముందు గది సంగతి. తూర్పు పడమరలుగా 11 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10, నేల నుంచి స్లాబ్‌కి 10. తలుపు ఉత్తరం గోడకు. ఒకటే కిటికీ, అది దక్షిణం గోడకు ఉంది: 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, నేల నుంచి 3 అడుగుల మీద మొదలై 7 అడుగుల దగ్గర ముగుస్తుంది, పైన 2 అడుగుల సన్‌షేడ్, గోడ మందం 9 అంగుళాలు, లోపల 12 ఎం.ఎం. చువ్వల గ్రిల్. కిటికీ బయట సిమెంటు రోడ్డు, కాబట్టి ఎదురుగా ఆకాశాన్ని అడ్డుకునే గోడేమీ లేదు. నేల రెండడుగుల తెల్ల టైల్స్. బంక్ బెడ్ తూర్పు గోడకు ఆనించి ఈశాన్యం మూలలో పెట్టాలి, తలలు దక్షిణం వైపు, ఎందుకంటే ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టేది లేదని నానమ్మ మొదటి రోజే చెప్పేశారు. అలా మంచం స్థలం ఖాయమైంది.

మొదటి రెండర్ టీచరమ్మ ఫోన్లో పెద్దగా చేసి చూసి, "మంచిగనే ఉంది తమ్మీ, గని గదిలో గింత ఎండ ఎప్పుడొస్తది? మేం వచ్చి ఏడాదైంది, నేనైతే చూడలే" అన్నారు. రగ్గు నడి మధ్యలో మంచమంత ఎండ ముక్క వేశాను నేను. ఆ ముక్క అందం కోసం వేసిందే. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ బాగుంటే అక్కడ ఆపాను. సన్‌షేడ్ మోడల్ చేయనే లేదు, అది కెమెరాకు కనపడదు కదా అని. ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది, ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను.

నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి 21 మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే రెండో వారానికి నడినెత్తికొస్తాడు, జూన్‌లో అయితే కాస్త ఉత్తరానికే జరుగుతాడు. అంటే ఎండాకాలం మొత్తం దక్షిణం కిటికీలోంచి ఒక్క కిరణం కూడా సూటిగా లోపలికి రాదు. మధ్యాహ్నం సన్‌షేడ్ ఎంత నీడ ఇస్తుందో తెలియాలంటే దాని పొడవును సూర్యుడి ఎత్తు టాంజెంట్‌తో గుణిస్తే చాలు. మార్చి 21న రెండడుగుల సన్‌షేడ్ ఆరున్నర అడుగుల కిందిదాకా నీడ ఇస్తుంది, కిటికీ ఎత్తే నాలుగడుగులు. పైగా ఆ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా దక్షిణం గోడకు ఇదే లెక్క నిలుస్తుంది. ఇక డిసెంబర్ 21 మధ్యాహ్నం ఎత్తు 49.5 డిగ్రీలు:

```
2 × tan(49.5°) = 2.34
```

కిటికీ పైనుంచి 2.34 అడుగులు నీడ పోగా కింద అడుగున్నర పైచిలుకు ఎండ తగులుతుంది, అందులో సగానికి పైగా గోడ మందమే మింగేస్తుంది. చివరికి నేల మీద పడేది గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఎనిమిది అంగుళాల పట్టీ. నేను మంచమంత వేసింది దీన్నే!

ఆమె ఆ ఎండను చూడకపోవడానికి కారణం తెలిసింది, ఇద్దరూ ఎనిమిదిన్నరకల్లా బడికి బయల్దేరతారు, ఆదివారాలేమో పొద్దున ఆ గది తలుపే తెరవరు. కానీ నిజంగా అందమైన ఎండ ఒకటుంది ఆ గదికి. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదీ పది ప్రాంతంలో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో, దక్షిణం నుంచి తూర్పుకు 49 డిగ్రీలు జరిగి ఉంటాడు. అప్పుడు ఎండ పక్క నుంచి సన్‌షేడ్ కిందుగా లోపలికి జొరబడుతుంది. కిటికీ గోడకు సుమారు 3 అడుగుల 5 అంగుళాల దగ్గర మొదలై 5 అడుగుల 2 అంగుళాల దాకా పడుతుంది, కాకపోతే కిటికీ ఎదురుగా కాదు, బాగా పడమటికి జరిగి, రగ్గు పడమటి అంచును తాకుతూ, కొంత పడమటి గోడ మీదికి పాకుతుంది. రెండో రెండర్‌కి ఈ సమయమే తీసుకున్నాను. బ్లెండర్‌లో ఆకాశాన్నీ సూర్యుడినీ ఇచ్చే స్కై టెక్స్‌చర్‌లో `Sun Elevation` 30 పెట్టి, `Sun Rotation` సరిగ్గా ఉందో లేదో ప్లాన్ పక్కన ఒక నిలువు కర్ర మోడల్ చేసి దాని నీడ వాయవ్యానికి పడుతోందా అని చూసుకున్నాను. అంకెను నమ్మడం కంటే కర్ర నీడను నమ్మడం మేలు, ప్లాన్‌ని ఎటు తిప్పి గీశామో మనకే గుర్తుండదు.

ఇక్కడ గ్రిల్ నీడ గురించి ఒక మాట. మొదటి రెండర్‌లో చువ్వల నీడలు స్కేలుతో గీసినట్టు నల్లగా పడ్డాయి, ఎందుకంటే సూర్యుడి సైజు దాదాపు సున్నా చేసి పెట్టాను. నిజం సూర్యుడు ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటాడు. అందువల్ల 12 ఎం.ఎం. చువ్వ నీడ నాలుగడుగుల పైచిలుకు దూరం దాటాక ఎక్కడా పూర్తి నలుపుగా ఉండదు, అంచులు కరిగి పల్చని బూడిద గీతలా మిగులుతుంది. మన గదిలో చువ్వ నుంచి నేలకు కిరణం నడిచే దూరం ఎనిమిది అడుగులు. కాబట్టి నేల మీద చువ్వలు కనపడీ కనపడనట్టుండాలి, పడమటి గోడ మీదికి పాకిన చోటా అంతే మెత్తగా. ఆ ఒక్క మార్పుతో ఎండ "వేసినట్టు" కాక "పడినట్టు" అనిపించింది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు, కానీ కన్ను పట్టేస్తుంది.

సూటి ఎండ ఇంత తక్కువైనప్పుడు గది నిండా వెలుగు ఎక్కడిది? ఆకాశం నుంచి, బయటి నేల నుంచి. ఈ రెండోదాన్ని నేనూ చాలా ఏళ్లు వదిలేశాను. కిటికీ బయట ఏమీ మోడల్ చేయకపోతే సీలింగ్‌కి వెలుగు ఇచ్చేదే ఉండదు, ఎందుకంటే ఆకాశం వెలుగు పై నుంచి కిందికి వస్తుంది, సీలింగ్‌కి తగలాలంటే కింది నుంచి ఎగరాలి. ఎండ పడ్డ సిమెంటు రోడ్డు వెలుగును కిటికీలోంచి పైకి కొడుతుంది, నల్లగొండలో పగలు ఏ గదిలో అయినా కిటికీ దగ్గరి సీలింగ్ తెల్లగా మెరిసేది అందుకే. ముప్పై అడుగుల రోడ్డు ముక్కను 0.35 రిఫ్లెక్టివిటీతో, అంటే పడ్డ వెలుగులో 35 శాతం తిప్పికొట్టేలా, బయట పరిచాను, అంతే, సీలింగ్ వెలిగింది. మొదటి రెండర్‌లో ఇదే పనికి సీలింగ్ కింద కనపడని ఏరియా లైట్ పెట్టాను. ఆ దొంగ లైటును పట్టుకునే గుర్తు ఒకటుంది, బంక్ బెడ్ కింది మంచం లోపలికి చూడండి. బయట ఎంత వెలుగో లోపలా అంతే ఉండి, పరుపు గోడను తాకే చోట నీడ లేకపోతే అక్కడ ఎక్కడో ఒక లైటు దాక్కుంది.

దొంగ లైటు తీసేసరికి కింది మంచం చీకటి గూడు అయ్యింది. మొదట గాబరా పడ్డాను, తర్వాత అర్థమైంది, అది నిజంగానే అలాగే ఉంటుంది. పై మంచం పలక ఆకాశాన్ని మొత్తం కప్పేస్తుంది, వెలుగు ఒక్క పక్క నుంచే రావాలి. బాబు పడుకునేది అక్కడే, బొమ్మల పుస్తకం చూసేదీ అక్కడే. రెండర్‌ని ఎక్స్‌పోజర్‌తో మొత్తంగా పైకి లేపాను, బయటి రోడ్డుకు సరిపోయే ఎక్స్‌పోజర్ కంటే 3 స్టాప్‌లు, అంటే ఎనిమిది రెట్లు. కెమెరా చేసే పని కూడా ఇదే. కిటికీ బయట దృశ్యం తెల్లగా కొట్టుకుపోయింది, దానికి పల్చటి తెల్ల కర్టెన్ ఒక పక్కకు వేలాడదీశాను. కింది గూడును మాత్రం మిగతా గది కంటే ఒక మెట్టు చీకటిగానే వదిలి, సార్‌కి ఫోన్ చేసి చెప్పాను: "సార్, కింది మంచానికి విడిగా ఒక లైట్ పాయింట్ పెట్టించాలి, పగలైనా చదవడానికి చాలదు." అప్పటికి గోడలు కొట్టి వైరింగ్ చేసే పని ఇంకా మొదలు కాలేదు కాబట్టి తల దగ్గర ఒక స్విచ్చూ, ఒక పాయింటూ సులువుగా కలిశాయి. మొదటి రెండరే ఖాయమైతే ఈ సంగతి గది పూర్తయ్యాక తెలిసేది.

ఫ్యాన్ సంగతి ఇంతకంటే పెద్దది. మొదటి రెండర్‌లో ఫ్యాన్ లేదు. మోడల్‌లో ఉంది, నేనే హైడ్ చేశాను, బంక్ బెడ్ ముందు రెక్క అడ్డొచ్చి ఫొటో చెడుతోందని. ఈసారి టీచరమ్మ అడగలేదు, నానమ్మ అడిగింది: "ఫంకా ఏది బిడ్డ? ఎండాకాలం పోరగాండ్లు ఎట్ల పండుకుంటరు?" ఫ్యాన్ ఆన్ చేసి పై నుంచి చూశాను. గది మధ్యలో హుక్, తూర్పు గోడకు 5 అడుగుల 6 అంగుళాలు. 48 అంగుళాల ఫ్యాన్, అంటే మధ్య నుంచి రెక్క కొసకు 2 అడుగులు. కొస నుంచి గోడకు 3 అడుగుల 6 అంగుళాలు. బంక్ బెడ్ వెడల్పు ఫ్రేముతో కలిపి 3 అడుగుల 3 అంగుళాలు. రెక్క కొసకూ మంచం అంచుకూ మధ్య మూడు అంగుళాలు!

ఎత్తు కూడా చూశాను. రెక్కలు నేల నుంచి సుమారు 8 అడుగుల 9 అంగుళాల దగ్గర తిరుగుతాయి. పై పరుపు మీది ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. తొమ్మిదేళ్ల పాప దాని మీద నిలబడితే తలే రెక్క కంటే పైకి పోతుంది, కూర్చుని చెయ్యెత్తినా రెక్క ఎత్తుకు అందుతుంది, రెయిలింగ్ మీదుగా చెయ్యి బయటికి చాస్తే అంతే. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ ఫొటో చూసే కార్పెంటర్ మంచం కొలతలు రాసుకున్నాడు. తెల్లారి పొద్దున్నే ఫోన్ చేసి పని ఆపించాను. చిన్న ఫ్యాన్ పెడదామా అని సార్ అడిగారు, కానీ హుక్ అక్కడే ఉంటుంది, రేపు ఎవరైనా మళ్లీ పెద్దది బిగిస్తారు. చివరికి సీలింగ్ ఫ్యాన్ వద్దనుకున్నాం. జాలీ ఉన్న వాల్ ఫ్యాన్లు రెండు: పడమటి గోడకు పైన ఒకటి, పై మంచం వైపు తిప్పి, ఉత్తరం గోడకు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఇంకొకటి కింది మంచం కాళ్ల వైపు నుంచి. హుక్ దగ్గర వైరు తీసేయించి, అక్కడ ఉబ్బెత్తు లేని చదును లైటు బిగించారు. రెండో రెండర్‌లో ఆ రెండు ఫ్యాన్లూ కనపడతాయి. ఫొటో అందం కొంచెం తగ్గింది, తగ్గనివ్వండి.

మంచం రెయిలింగ్ దగ్గర ఇంకో చిక్కు దొరికింది. అమెరికాలో బంక్ బెడ్లకు ప్రభుత్వ నియమాలున్నాయి, వాటిలో రెండు నేను ఎప్పుడూ పాటిస్తాను. పై మంచం రెయిలింగ్ పరుపు పైభాగం కంటే కనీసం 5 అంగుళాలు ఎత్తుండాలి, సందులు మూడున్నర అంగుళాల కంటే తక్కువుండాలి, ఒళ్లు దూరి తల ఇరుక్కోకుండా. ఆరేళ్ల లోపు పిల్లల్ని పైన పడుకోబెట్టొద్దని కూడా అక్కడి సలహా, అందుకే పైన పాప, కింద బాబు. రెయిలింగ్ నేను పలక నుంచి 12 అంగుళాలే పెట్టాను, సరిపోతుందనే అనుకున్నాను. కానీ రెండర్‌లో మెత్తగా కనపడాలని ఉబ్బెత్తు పరుపు వేశాను, 8 అంగుళాల మందం. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు. పరుపు అందం రెయిలింగ్ ఎత్తును తినేసింది. 4 అంగుళాల పరుపుకి మార్చాను, రెయిలింగ్ 8 అంగుళాలు మిగిలింది, ఆ పరుపు మందాన్ని డ్రాయింగ్ మీద పెద్దక్షరాల్లో రాశాను. ఎందుకంటే రేపు దుకాణంలో ఎవరో "ఇంకొంచెం మందం తీసుకోండి, పిల్లలకు మెత్తగా ఉంటుంది" అంటారు.

ఇప్పుడు రంగు. పాప మామిడిపండు పసుపు కావాలంది, బాబు ఆకాశం నీలం. మొదటి రెండర్‌లో పసుపును పడమటి గోడకు వేశాను, తలుపు తీయగానే కనపడుతుందని. రెండో రెండర్‌లో సూర్యుడిని సరిగ్గా పెట్టగానే ఆ గోడ మీదే ఎండ పాకింది కదా, దాంతో గది మొత్తం పసుపు కొట్టుకుపోయింది: సీలింగ్ పసుపు, మంచం తెల్ల రెయిలింగ్ పసుపు, నీలం దుప్పటి ఆకుపచ్చగా మారింది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఎండ పడ్డ పసుపు గోడ ఒక పసుపు లైటే, కొత్తగా రంగు వేసిన ఇళ్లలో మనం రోజూ చూసేదే. వెలుగు గోడల మధ్య ఎన్నిసార్లు ఎగరాలో చెప్పే బౌన్స్‌లు తగ్గించి సీలింగ్‌ని తెల్లగా చేయొచ్చు, చాలామంది చేస్తారు, కానీ పెయింటర్ వచ్చి రంగేశాక గోడకు బౌన్స్‌లు తగ్గించలేం.

కాబట్టి పసుపును తూర్పు గోడకు, మంచం వెనక్కి మార్చాం. ఆ గోడకు సూటి ఎండ తగలదు, పైగా సగం మంచం నీడలో ఉంటుంది. అక్కడ గాఢమైన పసుపు కూడా అరవకుండా వెచ్చగా ఉంటుంది, చీకటి గూడుకు కూడా కొంచెం ఊపిరి వస్తుంది. ఎండ పడే పడమటి గోడ మీగడ తెలుపు. ఆ తెలుపును కూడా 0.8 రిఫ్లెక్టివిటీ దాటనివ్వలేదు. మొదట్లో నేను తెలుపంటే పూర్తి 1.0 పెట్టేవాడిని, వెలుగు గోడల మధ్య అలుపు లేకుండా ఎగురుతూనే ఉండి గది పాల పొగ పట్టినట్టయ్యేది, మూలల్లో నీడలే మిగిలేవి కావు. అసలు పెయింటు ఏదీ అంత తెల్లగా ఉండదు. నీలం చిన్న చిన్న చోట్లకే: దుప్పటి, నిచ్చెన మెట్లు, టేబుల్ సొరుగు.

ఒక జాగ్రత్త చెప్పాలి. లెక్కేసిన వెలుగును తెర మీది రంగులుగా మార్చేటప్పుడు కొత్త బ్లెండర్ మామూలుగా `AgX` వ్యూ మీద ఉంటుంది. వెలుగు ఎక్కువైన చోట అది రంగును మెల్లగా తెలుపు వైపు తీసుకెళ్తుంది. ఎండ ముక్కకు అది చాలా మంచిది, కానీ మామిడి పసుపు రెండర్‌లో పల్చగా కనపడి, ఇంటివాళ్లు "ఇంకొంచెం ముదురు" అని షేడ్ కార్డులో రెండు మెట్లు కిందికి పోతారు. గోడకు వేశాక అది కుంకుమపువ్వు రంగవుతుంది. అందుకే రంగును రెండర్ చూసి ఖాయం చేయనివ్వను. షేడ్ కార్డు నంబరు రెండర్ మూలన రాస్తాను, చిన్న డబ్బా తెప్పించి అదే గోడ మీద రెండడుగుల చదరం వేయించి, పొద్దున ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడమంటాను. వీళ్లు చూశారు, అనుకున్నదానికంటే ఒక మెట్టు లేతది తీసుకున్నారు.

గుండ్రటి ఫర్నిచర్ దగ్గర నాకు పాఠం చెప్పింది కార్పెంటర్ అన్న. మొదటి రెండర్‌లో ప్రతి అంచుకూ దాన్ని గుండ్రం చేసే బెవెల్ 25 ఎం.ఎం. వేశాను, అన్నీ సబ్బు ముక్కల్లా నున్నగా ఉన్నాయి. ఆయన ఫోన్లో జూమ్ చేసి, "అన్నా, ప్లై 18 ఎం.ఎం., గుండ్రం 25 ఎం.ఎం. ఎట్లొస్తది?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. 18 ఎం.ఎం. పలక అంచును రెండు వైపులా గుండ్రం చేస్తే ఎంత చేసినా 9 ఎం.ఎం. దాటదు. పైగా లామినేట్ అతికిన ప్లై అంచును అలా చెక్కితే పొరలు బయటపడతాయి, దానికి టేకు బీడింగు కొట్టాలి, లేదా ఎం.డి.ఎఫ్. చేసి పెయింటు వేయాలి.

ఇద్దరం కూర్చుని గుండ్రాన్ని విడగొట్టుకున్నాం. పలకను పై నుంచి చూస్తే కనపడే మూల, టేబుల్ మూల లాంటిది, 75 ఎం.ఎం. వ్యాసార్థంతో తిప్పడం తేలికే, కటింగ్‌లో గీత గీసి కోస్తాడు, పి.వి.సి. ఎడ్జ్ బ్యాండ్ కొంచెం వేడి చేస్తే చుట్టుకుంటుంది. పిల్లల నుదురు తగిలేది ఎక్కువగా ఈ మూలకే. చెయ్యి పట్టుకునే అంచులు, అంటే రెయిలింగ్ పైభాగం, నిచ్చెన పక్కలు, మెట్ల ముందు అంచు, వీటికి టేకు అర్ధచంద్రం బీడింగు. మిగతా అంచులన్నీ మామూలు 2 ఎం.ఎం. బ్యాండు, రెండర్‌లో కూడా వాటి బెవెల్ 2 ఎం.ఎం. మాత్రమే. ఇలా మూడు రకాలు పక్కపక్కన పడ్డాక చిత్రమేమిటంటే, రెండర్ ఇంకా మెత్తగా కనపడింది. అన్నీ గుండ్రమైనప్పుడు ఏదీ గుండ్రంగా అనిపించదు. సన్నటి అంచు పక్కన 75 ఎం.ఎం. మూల ఉంటే దాని మీద కిటికీ వెలుగు వంపు తిరగడం కనపడుతుంది.

రగ్గు గురించి తక్కువే చెప్పాలి. మొదట 40 ఎం.ఎం. బొచ్చు రగ్గు వేశాను, ఫొటోలో దూదిలా ఉంది. మా వైపు దుమ్ము సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని పిల్లల గదిలో పరవరు. 12 ఎం.ఎం. కురచ బొచ్చు కాటన్ రగ్గుకు మార్చాను, 5 అడుగులు, 4 అడుగులు, చేత్తో చుట్టి డాబా మీద దులిపేంత. బొచ్చు మొలిపించే హెయిర్ సిస్టమ్‌లో పొడవు 0.012 మీటర్లు, కొసల పొడవులో కొంచెం తేడా, నడిచిన దారిలో బొచ్చు ఒకవైపు వాలేలా కోంబ్ చేశాను. మెత్తదనం బొచ్చు పొడవు వల్ల కాదు, ఆ వాలు వల్ల వస్తుంది. రంగు లేత గోధుమ, ఎందుకంటే ఎండ అంచు దీన్ని తాకుతుంది, ఎరుపు వేస్తే కింది మంచం తెల్ల పలక మీద గులాబీ మరక పడుతుంది. నిచ్చెన కింద రగ్గు జారకుండా రబ్బరు జాలీ పరవాలని డ్రాయింగులో రాశాను.

కెమెరా తలుపు దగ్గర, నాలుగడుగుల ఎత్తులో, 24 ఎం.ఎం. లెన్స్. మొదటిది 16 ఎం.ఎం.తో తీశాను, పదకొండడుగుల గది పదిహేనడుగుల్లా కనపడింది, "ఇంకో బీరువా పడుతుంది కదా" అని సార్ అడిగింది అందుకే. 24తో గది మొత్తం ఒక్క ఫొటోలో పట్టదు, రెండు ఫొటోలు ఇచ్చాను.

గది పూర్తయ్యాక డిసెంబర్ చివర్లో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదికి వెళ్లాను, టేపు తీసుకుని. ఎండ వచ్చింది. పడమటి వైపు నేల మీద, రగ్గు అంచును తాకుతూ, చువ్వల నీడలు మసగ్గా. టైల్ గీతల ఆధారంతో దూరం అంచు కొలిచాను: కిటికీ గోడకు 4 అడుగుల 11 అంగుళాలు. నా లెక్క 5 అడుగుల 2 అంగుళాలు. మూడు అంగుళాలు ఎందుకు తగ్గిందో అక్కడే నిలబడి ఆలోచించాను. ఈ లెక్కలో సన్‌షేడ్ ఒక అంగుళం పెరిగితే ఎండ అంచు సరిగ్గా ఒక అంగుళమే కిటికీ వైపు జరుగుతుంది. బయటికెళ్లి స్టూలు వేసుకుని సన్‌షేడ్ కొలిచాను. 2 అడుగుల 3 అంగుళాలు. మొదటిసారి గ్రిల్ లోంచి చెయ్యి పెట్టి కొలిచినప్పుడు టేపు కొస ప్లాస్టరింగ్ చివరి దాకా పోలేదు. మోడల్‌లో ఆ కొలత మార్చి ఫైల్ సేవ్ చేశాను. లోపల బాబు ఆ ఎండ ముక్కలో బోర్లా పడుకుని బొమ్మ బస్సు తోలుకుంటున్నాడు.